తాళం ఇచ్చిన రోజే పేరు మార్పు

చిత్తూరు, తిరుపతి వైపు పాత బండి బేరం ఎక్కువగా మెకానిక్ షెడ్డులోనో, ఆఫీసు పార్కింగులోనో తేలిపోతుంది. ధర కుదిరాక కొనేవారు డబ్బు ఇస్తారు. అమ్మేవారు ఖాళీ ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, ఆర్సీతో పాటు తాళాలు చేతికిస్తారు. "పేరు నిదానంగా మార్పించుకుంటాలేన్నా" అని కొన్నవాడంటే, "సరేప్పా" అని అమ్మినవాడంటాడు. ఇద్దరికీ పని అయిపోయినట్టే ఉంటుంది. చట్టం లెక్కలో మాత్రం ఇంకా మొదలే కాలేదు.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం, ఎవరి పేరు మీద బండి రిజిస్టరై ఉందో వాళ్లే యజమాని. డబ్బు ఎవరు కట్టారు, బండి ఎవరి ఇంటి ముందు నిలబడి ఉంది అన్నది తర్వాతి సంగతి. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ మధ్య నడిచిన కేసులో ఈ మాట తేల్చి చెప్పింది. ఆ కారును రిజిస్టర్డ్ యజమాని 2007లోనే వేరొకరికి ఇచ్చేశాడు. అది చేతులు మారుతూ పోయి, 2009లో ప్రమాదం చేసే నాటికి నాలుగో మనిషి దగ్గర ఉంది. ఆర్సీలో పేరు మాత్రం మొదటాయనదే. బాధితుల కుటుంబం ఒకరి తర్వాత ఒకరిని వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదనీ, పేరు ఎవరిదైతే వాళ్లదే బాధ్యత అనీ కోర్టు చెప్పింది. అంటే బండి అమ్మి రెండేళ్లు కావస్తున్నా పరిహారం భారం అమ్మినాయన మీదే పడింది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. డబ్బు, తాళం, ఆన్‌లైన్ దరఖాస్తు, ఈ మూడూ ఒకే రోజు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ముగించండి. అమ్మే మనిషి ఫోనూ కొనే మనిషి ఫోనూ ఒకేచోట ఉన్న ఆ అరగంట దాటితే, తర్వాత కుదరడం చాలా కష్టం. ఓటీపీ కోసం ఫోన్ చేస్తే అమ్మినాయన డ్యూటీలో ఉంటాడు. నాలుగోసారి అడిగేటప్పటికి ఆయనకూ విసుగొస్తుంది. ఆర్నెల్ల తర్వాత అసలు ఆ నంబరే పనిచేయదు.

ఇక పోర్టల్ సంగతి. మన రాష్ట్రానికి ఇంతకుముందు రవాణా శాఖ సొంత వెబ్‌సైటు ఉండేది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ కూడా దేశమంతా వాడే వాహన్ వ్యవస్థలోకి వచ్చింది. చిరునామా vahan.parivahan.gov.in. ఇలాంటి పేరుతోనే నకిలీ సైట్లు, యాప్‌లు తిరుగుతుంటాయి కాబట్టి చివర gov.in ఉందో లేదో చూసుకున్నాకే నంబర్లు కొట్టండి. వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చే ఫైలును ఎప్పుడూ తెరవకండి.

అయితే పోర్టల్ తెరవడం కంటే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. దరఖాస్తులు ఆగిపోయేది చాలావరకు ఇక్కడే. బేరం కుదిరిన రోజు కాదు, అడ్వాన్సు ఇవ్వబోయే ముందే ఇవి చూడాలి.

మొదటిది, ఆర్సీకి జతపడిన మొబైల్ నంబరు. పేరు మార్పుకు వచ్చే ఓటీపీ అమ్మేవారు ఇప్పుడు వాడుతున్న ఫోనుకు కాదు, రిజిస్ట్రేషన్ నాడు రాసిన నంబరుకు వస్తుంది. చాలా బండ్లకు ఆ రోజు షోరూం వాళ్లే ఏదో ఒక నంబరు రాసి ఉంటారు, లేదా అప్పటి సిమ్ము ఎప్పుడో పారేసి ఉంటారు. దీన్ని తెలుసుకోవడం తేలిక. పోర్టల్‌లో బండి నంబరు, ఛాసిస్ నంబరులో చివరి ఐదు అంకెలు కొట్టి ఓటీపీ అడిగితే, ఏ నంబరుకు పంపిందో చివరి అంకెలు చూపిస్తుంది. అది అమ్మేవారి నంబరు కాకపోతే ముందు దాన్ని మార్చాలి. మొబైల్ నంబరు మార్చే సేవ అదే పోర్టల్‌లో విడిగా ఉంది. అక్కడ ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, రిజిస్ట్రేషన్ తేదీ, ఆర్సీ గడువు తేదీ ఆర్సీలో ఉన్నట్టే ఇవ్వాలి. ఈ పని అమ్మే మనిషిది. కొనేవారు తమ నంబరునే అక్కడ ఎక్కించేయడం, అమ్మేవారు అందుకు ఒప్పుకోవడం ఈమధ్య కనబడుతోంది. అది సరికాదు. పేరు మారకుండా నంబరు ఒక్కటే చేయి మారితే, ఆ బండి మీద పడే చలాన్ల కబురు కూడా అమ్మినవారికి అందదు, బాధ్యత మాత్రం వాళ్ల పేరు మీదే ఉండిపోతుంది.

రెండోది ఫైనాన్స్. కంతులన్నీ కట్టేశామని, ఫైనాన్స్ కంపెనీ క్లియరెన్స్ లెటర్ ఇచ్చిందని అమ్మేవారు చూపిస్తారు. ఆ కాగితం ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆర్సీలో హైపోథికేషన్ పోదు. దాన్ని తీయించడానికి ఫారం 35 ఉంది. దాని మీద ఫైనాన్స్ వాళ్లు, రిజిస్టర్డ్ యజమాని ఇద్దరూ సంతకాలు చేయాలి. హైపోథికేషన్ ఉన్న బండికి ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అంగీకారం లేకుండా పేరు మార్చకూడదని చట్టంలోనే ఉంది. కొనేవారు ఆర్సీ కార్డును చూసి ఊరుకోకుండా mParivahan యాప్‌లో బండి నంబరు కొట్టి, ఇంకా ఫైనాన్స్ వివరం కనబడుతోందా అని చూడాలి. పదేళ్ల కిందటి అప్పు, మూతపడిన ఫైనాన్స్ ఆఫీసు అయితే ఆ కాగితం తెచ్చే బాధ్యత అమ్మేవారిదేనని ముందే మాట్లాడుకుని, అది తీరేవరకు మొత్తం డబ్బు చేతిలో పెట్టకండి.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. పెండింగ్ చలాన్లు echallan.parivahan.gov.in లో తెలుస్తాయి. ఎవరు కట్టాలో బేరంలోనే తేల్చుకోండి. ఇన్సూరెన్స్ గడువులో ఉండాలి. సొంత బండ్లకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే చెల్లుతుంది కనుక, గడువు దాటిన బండికి ముందు రెన్యువల్ కావాలి, ఆ తర్వాతే పేరు మార్పు. పాత బండికి గ్రీన్ ట్యాక్స్ బాకీ ఉంటే అదీ ఇప్పుడే బయటపడుతుంది. ఆర్సీ మీది ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో మీ కళ్లతో పోల్చుకోండి. తుప్పుపట్టి కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడండి. అది చెక్కేసినట్టో, మళ్లీ కొట్టినట్టో అనిపిస్తే ధర ఎంత తక్కువైనా ఆ బండి వదిలేయండి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నడుద్దాం. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండే ఒక టీచరమ్మ తన స్కూటరు అమ్ముతున్నారు. కొనేది రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పనిచేసే కుర్రాడు. అద్దెకుండేది తిరుపతి కొర్లగుంటలో, సొంతూరు పుంగనూరు పక్కన. ధర 38,000 రూపాయలు. అడ్వాన్సు 5,000 ఫోన్‌పేలో ఇచ్చాడు. బండి అప్పగించే రోజు జూన్ 10 అనుకుందాం.

ఈ తేదీ నుంచే గడువులు లెక్క. ఒకే రాష్ట్రంలో అమ్మకం కాబట్టి టీచరమ్మ 14 రోజుల్లోగా, అంటే జూన్ 24 లోపల, అమ్మిన సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. కుర్రాడికి 30 రోజులు, అంటే జూలై 10 వరకు సమయం ఉంది. చట్టంలోని 50వ సెక్షన్ ఇద్దరి మీదా విడివిడిగా బాధ్యత పెట్టింది. "ఆయన చేసుకుంటాడులే" అని అమ్మినవారు కూర్చోవడానికి వీల్లేదు. ఫారం 29 అమ్మినవారి సమాచారం. ఫారం 30 బదిలీ దరఖాస్తు, అందులో అమ్మినవారు నింపే భాగం, కొన్నవారు నింపే భాగం రెండూ ఉంటాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టినప్పుడు ఈ రెండు ఫారాలూ మనం ఇచ్చిన వివరాలతో నిండి ప్రింటుకు వస్తాయి. కాబట్టి ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఇవ్వాల్సిన అవసరమే లేదు. ఖాళీ ఫారం అంటే తేదీ, కొన్నవారి పేరు, రెండూ తర్వాత ఎవరైనా రాసుకోవచ్చని ఒప్పుకున్నట్టు.

పోర్టల్‌లో మొదట వచ్చే చిక్కు ఏ ఆఫీసు ఎంచుకోవాలన్నది. అమ్మేది చిత్తూరులో, బండి ఉండబోయేది తిరుపతిలో, కుర్రాడి ఆధార్ చిరునామా పుంగనూరులో. కొనేవారి నివాసమో, వ్యాపార స్థలమో ఎక్కడ ఉండి బండి మామూలుగా అక్కడ ఉంచుతారో ఆ ప్రాంతపు ఆఫీసుకే కొన్నవారు తెలియజేయాలని చట్టం చెబుతుంది. బండి చిత్తూరు ఆఫీసులో రిజిస్టరైంది గదా అని చిత్తూరుకే పెట్టాల్సిన పని లేదు. రాష్ట్రం లోపలే కనుక ఎన్‌ఓసీ కూడా అక్కర్లేదు. కుర్రాడికి రెండు దారులున్నాయి. తిరుపతిలో స్థిరంగా ఉండేట్టయితే ముందు ఆధార్‌లో చిరునామా మార్పించుకుని తిరుపతి ఆఫీసుకు పెట్టుకోవడం. ఏడాదికోసారి గది మారే పరిస్థితి అయితే సొంతూరి చిరునామాకే చేయించుకోవడం. పోస్టులో వచ్చేవి అక్కడ అమ్మానాన్నలు తీసుకుంటారు. ఏ దారి ఎంచుకున్నా దరఖాస్తులో, ఆధార్‌లో, అప్‌లోడ్ చేసే కాగితంలో చిరునామా ఒకటే ఉండాలి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. దానికి ముందు తీసుకున్న ఆధార్ కార్డుల్లో తిరుపతి ఊరివాళ్లకు కూడా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. అలాంటివారు జిల్లా పేరుతో కాకుండా మండలం, పిన్‌కోడు చూసుకుని ఆఫీసు ఎంచుకోవాలి.

ఆఫీసు ఎంచుకుని, బండి నంబరు, ఛాసిస్ చివరి ఐదు అంకెలు ఇస్తే టీచరమ్మ ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది కొట్టాక వచ్చే సేవల జాబితాలో Transfer of Ownership ఎంచుకోవాలి. అమ్మేవారి వివరాలు రికార్డు నుంచి వాటంతటవే వస్తాయి. వాటిని చూసీచూడనట్టు దాటేయకండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా ఆర్సీలో ఉన్నట్టే ఉన్నాయా అని టీచరమ్మ ఒకసారి చదువుకోవాలి.

తర్వాత కొనేవారి వివరాలు. మనవాళ్లకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే, కారణం ఇంటిపేరు. ఒకే మనిషికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా విడదీసి ఉంటుంది, పాన్ కార్డులో చివరికి పోతుంది. పిలిచే పేరుకు ఒకచోట రెడ్డి, నాయుడు కలిసి ఉంటే ఇంకోచోట ఉండదు. ఆధార్‌తో సరిచూసే సేవలో ఆధార్ మీద ఉన్నదే కొలమానం. అక్షరాలు, ఖాళీలు, పేరు వరుస, అన్నీ ఆధార్ కార్డును పక్కన పెట్టుకుని కొట్టండి. ఇక్కడ ఎలా కొడితే కొత్త ఆర్సీలో అలాగే వస్తుంది, ఇన్సూరెన్స్ కూడా అదే పేరుతో మార్చాల్సి వస్తుంది. తప్పు పడితే దిద్దించడం మళ్లీ ఇంకో దరఖాస్తు, ఇంకో ఫీజు. నెట్ సెంటర్‌లో చేయించుకుంటే ఆ అబ్బాయి వేగంగా కొట్టేస్తుంటాడు. కట్టే ముందు స్క్రీన్ మీ వైపు తిప్పించుకుని పేరును అక్షరం అక్షరం చదవండి. మొబైల్ నంబరు గడిలో నెట్ సెంటర్ నంబరు కాకుండా మీదే ఉందా అని కూడా చూడండి. రేపు మీరు ఈ బండి అమ్మే రోజు ఓటీపీ వచ్చేది దానికే.

అమ్మకపు తేదీ, ధర అడుగుతుంది. బండి చేతికిచ్చిన అసలు తేదీనే వేయండి. మన ఉదాహరణలో అది జూన్ 10. గడువు దాటిందని తేదీని ముందుకు జరిపితే, ఆ మధ్య రోజుల్లో జరిగిన ప్రమాదానికో చలానాకో అమ్మినవారు తామే ఒప్పుకున్నట్టవుతుంది. ధర కూడా అసలుదే, 38,000.

తర్వాత ఇన్సూరెన్స్ వివరాలు, ఆపైన ఫీజు. కేంద్ర నిబంధనల్లో పేరు మార్పు ఫీజు రిజిస్ట్రేషన్ ఫీజులో సగం. మోటార్‌సైకిల్‌కు రిజిస్ట్రేషన్ 300 కనుక బదిలీకి 150. సొంత కారుకు 600లో సగం 300. దీనికి రాష్ట్ర సేవా రుసుము, ఇతర చార్జీలు కలిసి స్క్రీన్ మీద మొత్తం కనబడుతుంది. ఏజెంటుకు ఇచ్చేది దీనికి పైన. అతను చెప్పిన మొత్తంలో ప్రభుత్వానికి పోయేదెంతో రసీదు మీదే ఉంటుంది, ఆ రసీదు అడిగి తీసుకోండి. డబ్బు ఖాతాలోంచి పోయి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. పోర్టల్‌లో పేమెంట్ స్థితి సరిచూసే చోటు ఉంది. అక్కడ తేలేవరకు ఆగండి.

కట్టాక ఒక అప్లికేషన్ నంబరు వస్తుంది. చాలామంది ఇక్కడితో పేరు మారిపోయిందనుకుంటారు. అది దరఖాస్తు చేరిందన్న గుర్తు మాత్రమే. 2022 సెప్టెంబరులో కేంద్ర రవాణా శాఖ ఆధార్ ధ్రువీకరణతో ఆఫీసుకు వెళ్లకుండానే అందించగల 58 సేవలను ప్రకటించింది, వాటిలో యాజమాన్య బదిలీ కూడా ఉంది. అయినా మీ దరఖాస్తుకు ఆఫీసుకు రమ్మంటుందా లేదా అన్నది దరఖాస్తు చివర స్క్రీనే చెబుతుంది. రమ్మంటే ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, అసలు ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా ఆధారం, రసీదు తీసుకెళ్లాలి. సంతకాలు పాన్ మీద ఉన్నట్టే ఉండాలి. టీచరమ్మ ఇన్నేళ్లలో సంతకం మార్చుకుని ఉంటే ఆమె గుర్తింపు కార్డు జిరాక్సు కూడా జత చేయడం మంచిది. స్కాన్ చేసి అప్‌లోడ్ చేసేవి చదవగలిగేట్టు ఉండాలి. ఫ్లాష్ వెలుగు పడి ఆర్సీ నంబరు తెల్లబోయిన ఫోటోల వల్ల ఎన్నో దరఖాస్తులు వెనక్కి వస్తాయి.

అప్లికేషన్ నంబరుతో రెండు మూడు రోజులకోసారి స్థితి చూసుకోండి. అధికారి ఏదైనా లోపం రాసి ఆపితే అది అక్కడే కనబడుతుంది, మనకెవరూ ఫోన్ చేసి చెప్పరు. పని నిజంగా అయిందనడానికి గుర్తు వేరే ఉంది. mParivahan లోనో, డిజీలాకర్‌లోనో అదే బండి నంబరు చూస్తే కొత్త యజమాని పేరు రావాలి, ఎన్నో యజమాని అన్న అంకె ఒకటి పెరగాలి. టీచరమ్మ ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకునే దాకా తన పని అయిపోలేదనుకోవాలి. అప్పటివరకు మిగతా డబ్బులో కొంత, ఒక రెండు వేలు, కుర్రాడి దగ్గర ఆపుకోవడం మామూలే. పేరు మారాక ఇస్తానని కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ ఆ పని మీద ధ్యాస ఉంటుంది.

పేరు మారిన వారంలోనే చూడాల్సింది ఇన్సూరెన్స్. ఇక్కడ ఒక అపార్థం బాగా పాతుకుపోయింది. "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది, బండితో పాటే వస్తుంది" అని అమ్మేవారు చెప్పేది సగమే నిజం. బండి అమ్మితే పాలసీ కొన్నవారికి బదిలీ అయినట్టే అని చట్టంలోని 157వ సెక్షన్ అంటుంది. కానీ అది ఎదుటివారికి, అంటే థర్డ్ పార్టీకి జరిగే నష్టం వరకే అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. బండికి జరిగిన డ్యామేజీ, దొంగతనం, ఇవి పాలసీలో కొన్నవారి పేరు ఎక్కాకే. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా పాలసీలో ఉన్న యజమానికే. కుర్రాడు నైట్ షిఫ్టు ముగించుకుని వస్తూ పడితే, టీచరమ్మ పేరు మీద ఉన్న ఆ కవరు అతని ఇంటివాళ్లకు పనికిరాదు. కొన్నవారు 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చేయాలి. క్లెయిములు లేనందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ టీచరమ్మ వెంటే పోతుంది, బండితో రాదు. అందుకని ఆ రాయితీ తేడా మొత్తాన్ని కంపెనీ కుర్రాడి దగ్గర వసూలు చేస్తుంది. ఇది తెలియక మోసం చేశారని గొడవపడే వాళ్లున్నారు. ధర మాట్లాడేటప్పుడే ఈ తేడా ఎంతవుతుందో ఇన్సూరెన్స్ వాళ్లను అడిగి తెలుసుకుంటే సరిపోతుంది.

కారు అయితే ఫాస్టాగ్ కూడా ఉంది. తిరుమల వెళ్లే వాహనాలకు అలిపిరి టోల్‌గేట్ దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. ఫాస్టాగ్ బండికి అంటించి ఉన్నా డబ్బు పోయేది అమ్మినవారి బ్యాంకు ఖాతా నుంచి. ఒక బండికి ఒకటే ఫాస్టాగ్ కనుక, పాతది మూసేయకపోతే కొన్నవారికి కొత్తది రాదు. కారు అమ్మేవారు తాళాలిచ్చే రోజే తమ బ్యాంకు యాప్‌లో పాత ట్యాగ్ మూయించేసి, అద్దం మీది స్టిక్కరు పీకేయాలి.

యాత్రికులకు తిప్పే టాక్సీ, ఆటో కొనేవారికి పైవాటితో పని తీరదు. ట్రాన్స్‌పోర్టు బండికి ఫిట్‌నెస్, పన్ను, పర్మిట్ మూడూ చూడాలి. పర్మిట్ బదిలీ ఆర్సీలో పేరు మార్పుతో దానంతటది రాదు, దానికి విడిగా దరఖాస్తు చేసి అనుమతి తీసుకోవాలి. ఆర్సీలో పేరు మారిందని మురిసి పర్మిట్ మరిచిపోతే రోడ్డు మీద పట్టుబడ్డ రోజు పర్మిట్ లేని బండి కిందే లెక్కిస్తారు.

మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టి ఇంకో సంగతి. వేలూరులోనో కోలారులోనో బండి చవకగా దొరికిందని పలమనేరు, కుప్పం, నగరి వైపు వాళ్లు తెచ్చుకోవడం ఎప్పుడూ ఉన్నదే. తమిళనాడు, కర్ణాటక నంబరు బండికి ఈ పోర్టల్‌లో పేరు మార్పు ఒక్కటే చాలదు. అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. దాన్ని తెచ్చి ఇక్కడ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవారిది, గడువు 45 రోజులు. ఆపైన బండి వయసును బట్టి మన రాష్ట్రానికి లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడి లైఫ్ ట్యాక్స్‌ను అక్కడ వెనక్కి అడగడం ఇంకో పని. ధర ఎంత తగ్గిందో చూసినప్పుడు ఈ పన్నును కూడా కలిపి చూస్తే, ఎన్నోసార్లు ఆ తేడా మిగలదు. బేరానికి ముందే పన్ను లెక్క వేయించుకోండి.

బ్రోకరు దగ్గర కొనేవారికి ఒక మాట. మధ్యలో ముగ్గురి చేతులు మారి, ఆర్సీలో మాత్రం మొదటి యజమాని పేరే ఉన్న బండ్లు షెడ్డుల్లో చాలా ఉంటాయి. పోర్టల్‌కు ఆ మొదటాయన ఓటీపీ, సంతకమే కావాలి, మధ్యవాళ్ల కాగితాలు దానికి లెక్కలోకి రావు. ఆ మనిషితో ఫోన్లో మాట్లాడించగలడా అని బ్రోకరును అడగండి. మాట్లాడించలేకపోతే కొనకండి. ఆ యజమాని చనిపోయి ఉంటే ఫారం 29తో పని జరగదు. వారసులు ముందు ఫారం 31 మీద తమ పేరుకు మార్పించుకుని, తర్వాత అమ్మాలి. చనిపోయినాయన ఫోను ఇంట్లోవాళ్ల దగ్గర ఉందని ఆయన ఓటీపీతో కానిచ్చేయడం నేరమవుతుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు కేంద్ర నిబంధనలు వచ్చాయి. రవాణా శాఖ దగ్గర అధికారపత్రం తీసుకున్న డీలరుకు బండి అప్పజెప్పేటప్పుడు అమ్మేవారు, డీలరు కలిసి పోర్టల్‌లో ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అప్పటి నుంచి ఆ బండి మీద జరిగేవాటికి డీలరే యజమాని కింద లెక్క. డీలరుకు అమ్మే ఉద్యోగస్తులు ఈ ఒక్క ఫారం అడిగితే చాలు. అధికారపత్రం లేని వాళ్లకు అది ఇవ్వడం కుదరదు, అడిగిన వెంటనే ఆ సంగతి బయటపడుతుంది.

చివరగా అమ్మినవారు దాచుకోవాల్సినవి: సంతకాలైన ఫారం 29, 30 జిరాక్సులు, బండి అప్పగించిన తేదీతో పాటు వేళ కూడా రాసుకున్న రసీదు, కొన్నవారి ఆధార్ నకలు, డబ్బు వచ్చిన బ్యాంకు ఎంట్రీ, అప్లికేషన్ నంబరు, పేరు మారిన స్క్రీన్ ఫోటో. పోలీసు నోటీసులు బండి అమ్మిన వెంటనే రావు, ఏళ్ల తర్వాత కూడా వస్తాయి. ఏ కారణం చేతనైనా కొన్నవారు జూలై 10 దాటినా కదలకపోతే, టీచరమ్మ ఫారం 29 నకలుతో రవాణా ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, చేరినట్టు ముద్ర వేయించుకోవాలి. కొన్నవారికి అదే విషయం రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ పోస్టు రసీదు కూడా ఆ కాగితాలతో పాటే పెట్టుకోవాలి.